రివర్బ్ పెట్టినా గొంతు మునగకుండా: ప్లేట్, హాల్, ప్రీడిలే గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో పాడుకుని రికార్డ్ చేసిన పాటలు నా దగ్గరకు మిక్స్‌కి పంపేవాళ్ళు చాలామంది ఒకే మాట చెబుతారు. రివర్బ్ తీసేస్తే గొంతు ట్రాక్ మీద అతికించినట్టు విడిగా ఉంటోంది, పెడితే మాటలు వినపడట్లేదు. దీనికి మందు లెవెల్‌లో వెతుకుతూ, కాస్త పెంచి కాస్త తగ్గించి, రాత్రి గడిపేస్తారు. నా చెవికి మాత్రం చాలాసార్లు తప్పు సమయంలో దొరికింది. అంటే రివర్బ్ ఎప్పుడు మొదలవుతోంది, ఎంత త్వరగా చిక్కబడుతోంది, ఎప్పటికి తగ్గుతోంది అన్నదాంట్లో. సాహిత్యం బాగా వినపడాల్సిన నెమ్మదైన తెలుగు మెలొడీ పాటను మనసులో పెట్టుకుని ఈ జవాబులన్నీ రాశాను. ర్యాప్‌కీ, మాటలు వేగంగా పడే పాటలకీ ఇందులో కొన్ని అంకెలు మారతాయి.

అసలు గొంతు ఎందుకు మునిగిపోతుంది?

"అటు" అని ఒకసారి, "అట్టు" అని ఒకసారి పలికి చూడండి. రెండో మాటలో "అ" తర్వాత నాలుక పైకి వెళ్ళి అక్కడే కాసేపు ఆగుతుంది, అప్పుడు గొంతులోంచి ఏ శబ్దమూ రాదు, ఆ తర్వాత "టు" బయటపడుతుంది. ఈ రెండు మాటలనీ వేరు చేసేది ఆ చిన్న మౌనమే. చెట్టు, చుక్క, చెప్పు, కొత్త, వీటన్నిటిలోనూ మధ్యలో ఇలాంటి ఖాళీ ఒకటి ఉంటుంది. నెమ్మదైన పాటల్లో వేవ్‌ఫామ్ దగ్గరగా పెట్టి కొలిస్తే నాకు ఇది 120 నుంచి 200 మిల్లీసెకన్ల దాకా కనిపిస్తూ ఉంటుంది.

ఇప్పుడు ఆ పాటకి 2.8 సెకన్ల హాల్ రివర్బ్ పెట్టారనుకోండి. డికే 2.8 సెకన్లు అంటే రివర్బ్ 60 డెసిబెల్స్ పడిపోవడానికి అంత సమయం పడుతుందని అర్థం. అది ఒకే వేగంతో దిగుతుందనుకుంటే 150 మిల్లీసెకన్ల మౌనంలో తగ్గేది 3 డెసిబెల్స్ పైన కొంచెం మాత్రమే. అంటే ముందున్న "అ" తాలూకు తోక ఆ ఖాళీని దాదాపు పూర్తిగా నింపేస్తుంది, వినేవాడికి "అట్టు"లో ఒత్తు పోయి "అటు"కి దగ్గరగా వినిపిస్తుంది. పాట తెలిసినవాళ్ళకి ఇది తెలియదు, ఎందుకంటే మాట వాళ్ళ మనసులో ముందే ఉంటుంది. మొదటిసారి వినేవాళ్ళు మాత్రం "ఏమంటోంది ఇక్కడ?" అని అడుగుతారు.

రెండో నష్టం మాట మొదట్లో జరుగుతుంది. "క", "త", "ప" లాంటి హల్లు పగిలే క్షణం చాలా చిన్నది. రివర్బ్ సరిగ్గా అదే క్షణంలో మొదలైతే హల్లు అంచు మొద్దుబారుతుంది, గొంతు రెండడుగులు వెనక్కి వెళ్ళి నిలబడినట్టు ఉంటుంది. మాట మొదలు సంగతి ప్రీడిలే చూసుకుంటుంది, మాట మధ్యలో ఖాళీ సంగతి డికే చూసుకుంటుంది. ఈ రెండింటినీ ఒకటిగా కలిపేసుకుంటే మిక్స్‌లో ఎంతసేపు తిప్పినా తేలదు.

ప్రీడిలే అంటే ఏమిటి? సింపుల్‌గా చెప్పండి.

గాయని నోటినుంచి నేరుగా వచ్చే శబ్దానికీ, రివర్బ్ మొదలవడానికీ మధ్య మనం పెట్టే ఎడం. దాన్ని మిల్లీసెకన్లలో కొలుస్తాం.

పెద్ద కల్యాణ మండపంలో పంతులుగారు మైకు లేకుండా మంత్రం చదువుతున్నారనుకోండి. మీరు పీటల పక్కనే కూర్చుంటే ప్రతి అక్షరం తెలుస్తుంది, హాలు మోగడం కూడా విడిగా తెలుస్తుంది. వెనక వరసలో కూర్చుంటే అదే మంత్రం ముద్దగా వినిపిస్తుంది. హాలు ఒకటే, గొంతూ ఒకటే. దగ్గర కూర్చున్నప్పుడు నేరు శబ్దం గట్టిగా, వెంటనే వస్తుంది, గోడకి తగిలి తిరిగొచ్చేది ఆలస్యంగా వస్తుంది. శబ్దం ఒక మిల్లీసెకనులో సుమారు 34 సెంటీమీటర్లు పోతుంది కాబట్టి, 10 మీటర్ల దూరంలో ఉన్న గోడకి వెళ్ళి రావడానికి 20 మీటర్లు, అంటే దాదాపు 58 మిల్లీసెకన్లు. వెనక వరసలో నేరుగా వచ్చే దారికీ గోడ మీదుగా వచ్చే దారికీ తేడా తక్కువ కాబట్టి రెండూ కలిసిపోతాయి.

అందుకే ప్రీడిలే పెంచితే గొంతు దగ్గరకి వస్తుంది, గది మాత్రం పెద్దదిగానే ఉంటుంది. సున్నా దగ్గర పెడితే గొంతు గోడ పక్కకి పోయి నిలబడుతుంది. "ప్రీడిలే పెంచితే గొంతు దూరం వెళ్తుంది" అని తిరగేసి అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు, కాబట్టి ఒకసారి చెవితో విని సరిచూసుకోండి.

రూమ్, ఛాంబర్, ప్లేట్, హాల్... గొంతుకి ఏది పెట్టాలి?

మాటలు ముఖ్యమైన పాటకి నేను ముందు ప్లేట్‌తో మొదలుపెడతాను. కారణం దాని పుట్టుకలోనే ఉంది. 1957లో జర్మనీలో వచ్చిన ఈఎమ్‌టీ 140 అనే యంత్రంలో సుమారు 2 మీటర్ల పొడవు, 1 మీటరు వెడల్పు, అర మిల్లీమీటరు మందం ఉన్న ఉక్కు రేకుని ఒక చట్రంలో బిగించి వేలాడదీసేవారు. గొంతు సిగ్నల్‌తో ఆ రేకుని కంపించేలా చేసి, ఆ కంపనాన్ని పికప్‌లతో పట్టేవారు. రేకులో గది గోడలు లేవు, కాబట్టి విడివిడిగా వినిపించే తొలి ప్రతిధ్వనులూ ఉండవు. శబ్దం వెంటనే, చిక్కగా, ఒకే మెత్తని పొరలా వస్తుంది. పైగా అలాంటి పలుచని రేకులో హై ఫ్రీక్వెన్సీలు లో ఫ్రీక్వెన్సీల కన్నా వేగంగా ప్రయాణిస్తాయి, ప్లేట్ మొదట్లో వినిపించే ఆ మెరుపు అక్కడినుంచే వస్తుంది. ఇప్పటి ప్లగిన్లు ఈ స్వభావాన్నే అనుకరిస్తాయి. ప్లేట్ వెంటనే మొదలవుతుంది కాబట్టి దానికి ప్రీడిలే అవసరం ఎక్కువ, మీరు పెట్టిన ప్రీడిలే కచ్చితంగా వినపడేది కూడా ప్లేట్‌లోనే. రేకుకి ముందు ఒక టేప్ మెషిన్ పెట్టి ఆలస్యం చేయడం పాత స్టూడియోల్లో మామూలు పద్ధతి. ప్రీడిలే నాబ్ లేని రోజుల్లో అదే వాళ్ళ ప్రీడిలే.

హాల్ అలా కాదు. అందులో తొలి ప్రతిధ్వనులు పలుచగా వచ్చి, తోక నెమ్మదిగా ఉబ్బుతుంది. చాలా హాల్ అల్గారిథమ్‌లలో ఈ ఉబ్బడానికే కొన్ని పదుల మిల్లీసెకన్లు పడుతుంది, అంటే ప్రీడిలే సున్నా పెట్టినా లోపల కొంత ఆలస్యం ఉన్నట్టే. హాల్‌తో మాట మొదలు అంతగా దెబ్బతినదు, కానీ పొడుగు తోక మధ్యలో ఉన్న ఖాళీలన్నీ నింపేస్తుంది. పల్లవి మొత్తానికి హాల్ వేసి ఉంచడం నాకు నచ్చదు. ఆలాపనకీ, లైను చివర ఆగే స్వరానికీ మాత్రం ఎంత వేసినా అందంగానే ఉంటుంది.

రూమ్ అంటే చిన్న గది. దాని బలమంతా మొదటి 30 మిల్లీసెకన్లలో వచ్చే గోడ దెబ్బల్లో ఉంటుంది. అవి గొంతుతో కలిసి గొంతు రంగునే మారుస్తాయి, కొన్నిసార్లు డబ్బాలో పాడినట్టు అవుతుంది. పూర్తిగా దుప్పట్ల మధ్య రికార్డ్ చేసి మరీ పొడిగా వచ్చిన గొంతుకి, వినీవినపడనంత రూమ్ వేస్తే అది వాయిద్యాల పక్కన కుదురుగా కూర్చుంటుంది. ఛాంబర్ ప్లేట్‌కీ హాల్‌కీ మధ్యది. నిజమైన గట్టి గోడల గదిలో స్పీకర్, మైకు పెట్టి తీసిన శబ్దం అది, ప్లేట్ అంత మెరుపు ఉండదు, హాల్ అంత పొడుగు ఉండదు. ప్లేట్ వేస్తే "స" "శ" మరీ మెరుస్తున్న గొంతులకి నేను ఛాంబర్‌కి మారతాను. స్ప్రింగ్ రివర్బ్ గిటార్‌కి బాగుంటుంది, మాటలున్న గొంతుకి నేను వాడను.

ఎన్ని మిల్లీసెకన్లు పెట్టాలి?

ఒక అంకె చెప్పమంటే ప్లేట్‌కి 40 నుంచి 70 మధ్య మొదలుపెట్టమంటాను. కానీ ఆ అంకె ఎలా దొరుకుతుందో చేసి చూస్తే ఇంకోసారి ఎవరినీ అడగక్కర్లేదు.

పాటలో మాటలు ఎక్కువున్న లైను ఒకటి లూప్‌లో పెట్టండి. రివర్బ్ లెవెల్‌ని మామూలు కన్నా 6 డెసిబెల్స్ ఎక్కువ పెట్టండి, తేడాలు వినపడాలి కాబట్టి. వాయిద్యాలన్నీ మోగుతూ ఉండాలి, సోలోలో వద్దు. ప్రీడిలే సున్నా దగ్గర మొదలుపెట్టి 10 చొప్పున పెంచుతూ పోండి. ఎక్కడో 20, 30 దగ్గర హల్లుల అంచు బయటపడుతుంది. 40 దాటాక గొంతు ముందుకి అడుగేసినట్టు తెలుస్తుంది. ఇంకా పెంచుతూ పోతే ఒకచోట రివర్బ్ గొంతునుంచి తెగిపోయి, "ట" అన్నప్పుడల్లా వెనకాల ఇంకో "ట" చిన్నగా వినిపిస్తుంది. అది వినపడిన చోటునుంచి పావు వంతు వెనక్కి రండి. మీ పాటకి అంకె అదే. లెవెల్‌ని మళ్ళీ 6 తగ్గించేయండి.

మాట్లాడే గొంతులో ఒక్క గట్టి ప్రతిధ్వని అయితే సుమారు 30 నుంచి 50 మిల్లీసెకన్లు దాటాక విడి ఎకోగా తెలియడం మొదలవుతుంది. రివర్బ్ అనేది గొంతు కన్నా చిన్నగా, పరచుకుని వస్తుంది కాబట్టి 60, 70 దాకా కూడా తెలియకుండా పోవచ్చు. 100 దాటితే నెమ్మదైన పాటలో కూడా అది గది అనిపించదు, గొంతు వెనక ఇంకేదో మొదలైనట్టు ఉంటుంది.

ప్రీడిలే ఎంత ఎక్కువైతే అంత స్పష్టత కదా, మరి ఎందుకు ఆపాలి?

ఈ ప్రశ్న నాకు చాలా ఇష్టం, ఎందుకంటే చాలా వీడియోల్లో ఈ భాగం వదిలేస్తారు. ప్రీడిలే రివర్బ్ మొదలుని మాత్రమే జరపదు, మొత్తం తోకనే వెనక్కి జరుపుతుంది.

"అట్టు"లో మౌనం 150 మిల్లీసెకన్లు, డికే 1.4 సెకన్లు అనుకుందాం. ప్రీడిలే సున్నా ఉంటే ఆ మౌనంలో రివర్బ్ సుమారు 6.4 డెసిబెల్స్ తగ్గుతుంది. అదే ప్రీడిలే 58 పెడితే, "అ" ఆగిపోయాక కూడా 58 మిల్లీసెకన్ల పాటు రివర్బ్ పూర్తి బలంతో మోగుతూనే ఉంటుంది, మిగిలిన 92 మిల్లీసెకన్లలో తగ్గేది 4 డెసిబెల్స్ లోపే. మాట మొదలు బాగుపడింది, మధ్యలో ఖాళీ కాస్త పాడైంది. అందుకే ప్రీడిలే పెంచిన ప్రతిసారీ డికే కొంచెం కోయాలి. 1.4ని 1.2 చేస్తే ఆ 92లో 4.6 తగ్గుతుంది, ఇంకా కావాలంటే డకింగ్ ఉంది, దాని గురించి కింద రాశాను.

ఒత్తక్షరాలు ఎక్కువున్న సాహిత్యం వస్తే నేను ప్రీడిలేని 60 దాటనివ్వను, డికేని పొట్టిగా ఉంచుతాను. దీర్ఘాలు, "ల", "న", "మ"లతో సాగే లైన్లలో ఇంత జాగ్రత్త అక్కర్లేదు.

ప్రీడిలేని పాట టెంపోకి కట్టాలా?

కట్టొచ్చు, లెక్క ఇది:

```
60000 / BPM = ఒక బీట్ (ms)
60000 / 80 = 750
750 / 8  = 93.75   (1/32)
750 / 16 = 46.9    (1/64)
```

80 బీపీఎంలో 47 లేదా 94 వస్తాయి. మొదలుపెట్టడానికి మంచి చోట్లు. కానీ 60 లోపు ఉన్న ప్రీడిలేని ఎవరూ తాళంగా వినరు, గొంతు దగ్గరుందా దూరంగా ఉందా అన్న తేడాగా మాత్రమే అది తెలుస్తుంది. నాకు 47 కన్నా 55 బాగున్నప్పుడు 55 దగ్గరే ఆపేస్తాను. 90 పైన, అంటే ఆలస్యం వేరుగా తెలిసే చోట మాత్రం టెంపోకి కట్టడం నిజంగా పనికొస్తుంది, లేకపోతే తబలా దెబ్బల మధ్య అడ్డదిడ్డంగా ఏదో మోగుతున్నట్టు ఉంటుంది.

ఒక పాట మీద మొత్తం చేసి చూపిస్తారా?

ఒక అమ్మాయి పాడిన పాట, 80 బీపీఎం, గిటార్, వేణువు, తబలా, వెనకాల స్ట్రింగ్స్ ప్యాడ్. పల్లవిలో చెట్టు, పిట్ట, గుట్ట ఒకదాని వెనక ఒకటి వస్తాయి. నా దగ్గరకు వచ్చేటప్పటికి గొంతు మీద 2.8 సెకన్ల హాల్, ప్రీడిలే సున్నా, సెండ్, అంటే గొంతునుంచి రివర్బ్‌కి పంపే మోతాదు, మైనస్ 9 డెసిబెల్స్ దగ్గర ఉంది. మూడు మాటల్లోనూ ఒత్తు పోయింది. వాళ్ళు లెవెల్ తగ్గించి చూశారట, అప్పుడు గొంతు ట్రాక్ నుంచి ఊడిపోయింది.

ముందు హాల్ తీసేశాను. ప్లేట్, 1.4 సెకన్లు, ప్రీడిలే సున్నా, సెండ్ మైనస్ 16. పిట్ట, గుట్ట వెంటనే తిరిగొచ్చాయి కానీ గొంతు స్ట్రింగ్స్ పక్కకి వెళ్ళి నిలబడింది. పైన చెప్పినట్టు పది పది పెంచుకుంటూ పోయాను. 40 దగ్గర గొంతు ముందుకొచ్చింది. 60 దగ్గర లైను మొదట్లో ఉన్న "చె" శుభ్రంగా తెగి వినపడింది. 80కి పల్లవి ఇంకా బాగుంది, అక్కడే ఆగిపోయేవాణ్ణేమో, కానీ చరణం పెట్టి చూశాను. చరణంలో ఒక బీట్‌కి నాలుగు అక్షరాలు పడతాయి, అంటే ఒక్కో అక్షరానికి 187 మిల్లీసెకన్లు. 80 ప్రీడిలేతో ప్రతి అక్షరం తాలూకు రివర్బ్ ఆ అక్షరం దాదాపు సగంలో ఉండగా వచ్చి పడుతోంది, లైను మొత్తం కొద్దిగా వణికినట్టు వినిపించింది. 58కి వెనక్కొచ్చాను, వణుకు పోయింది. పాటలో అన్నిటికన్నా వేగంగా ఉన్న లైను మీదే ప్రీడిలే తేల్చుకోవాలని అప్పటినుంచి నాకు అలవాటైంది.

ప్రీడిలే పెరిగింది కాబట్టి డికే 1.2కి కోశాను. ఇప్పుడు మాటలు పోయే భయం లేదు కాబట్టి సెండ్‌ని మైనస్ 13కి పెంచగలిగాను. గమనించండి, మొదట్లో కన్నా తడి, అంటే రివర్బ్, తక్కువే అయినా, వినేవాళ్ళకి గది తెలుస్తోంది.

అయినా ఆ అమ్మాయికి లైన్ల చివర పాత పెద్ద హాల్ ఇష్టం. అది న్యాయమైన కోరికే. అందుకని రెండో సెండ్ మీద 2.4 సెకన్ల హాల్, ప్రీడిలే 94 పెట్టి, లైను చివరి అచ్చు మీద, ఆలాపన మీద మాత్రం ఆటోమేషన్‌తో తెరిచాను. లైన్ల మధ్య రెండు బీట్ల ఖాళీ ఉంది, అంటే 1.5 సెకన్లు. ఆ లోపు ఈ హాల్ సుమారు 35 డెసిబెల్స్ దిగిపోతుంది, తర్వాతి లైను మొదలయ్యేసరికి వాయిద్యాల కింద కనపడకుండా పోతుంది. డికే ఎంత పెట్టాలని అడిగేవాళ్ళకి కూడా నేను చెప్పే లెక్క ఇదే, పాటలో గొంతు ఆగే ఖాళీ ఎంతుందో కొలిచి, ఆ ఖాళీ అయ్యేసరికి తోక 30 డెసిబెల్స్ పైగా దిగేలా చూసుకోండి.

"స", "శ" వచ్చినప్పుడల్లా రివర్బ్ బుస్సుమంటోంది. ఏం చేయాలి?

రివర్బ్‌కి వెళ్ళే దారిలో, అంటే రివర్బ్ ప్లగిన్ కన్నా ముందు, "స", "శ"ల బుస్సుని అణిచే డీఎస్సర్ పెట్టండి. నేరు గొంతు మీద పెట్టేదానికన్నా గట్టిగా పెట్టినా ఫర్వాలేదు, ఎందుకంటే తడి శబ్దంలో "స" తక్కువైతే ఎవరికీ లోటు తెలియదు. దాని వెంటే ఒక ఈక్యూ పెట్టి 300 హెర్ట్జ్ కింద, 7 కిలోహెర్ట్జ్ పైన కోసేయండి. కింద కోయకపోతే మగ గొంతుల్లో ఛాతీ మోత పేరుకుని మొత్తం మిక్స్ బురదగా అవుతుంది. ఇలా కోయడం కొత్తదేం కాదు, లండన్‌లో అబే రోడ్ స్టూడియోలో ఛాంబర్లకి పంపే శబ్దాన్ని సుమారు 600 హెర్ట్జ్ కింద, 10 కిలోహెర్ట్జ్ పైన కోసి పంపేవారు. 600 మరీ ఎక్కువ అనిపిస్తుంది కానీ ఒకసారి చేసి చూడండి, వాయిద్యాలు నిండుగా ఉన్న పాటలో అది చాలా చక్కగా కూర్చుంటుంది.

ప్రీడిలే తిప్పుతుంటే ఏమీ మారడం లేదు!

ఎక్కువసార్లు కారణం మిక్స్ నాబ్. సెండ్ మీద రివర్బ్ పెట్టినప్పుడు ప్లగిన్ లోపల వెట్ 100 శాతం, డ్రై సున్నా ఉండాలి. లేకపోతే సెండ్ పెంచినకొద్దీ పొడి గొంతు కూడా పెరుగుతూ ఉంటుంది, మీరు రివర్బ్ అనుకుని లెవెల్ వింటుంటారు. ఇంకో కారణం, కొన్ని ప్లగిన్లలో ప్రీడిలే తోకని మాత్రమే జరుపుతుంది, తొలి ప్రతిధ్వనులు పాత చోటే ఉండిపోతాయి. వాటి లెవెల్ తగ్గించి చూడండి. REAPER వాడేవాళ్ళు ReaVerbate‌లో ప్రీడిలే అనే పేరు కోసం వెతక్కండి, అక్కడ దాని పేరు `Initial delay`. అసలు ప్రీడిలే నాబే లేని ప్లగిన్ అయితే, దాని ముందు 100 శాతం వెట్‌తో, ఫీడ్‌బ్యాక్ సున్నా పెట్టి, మామూలు డిలే ప్లగిన్ ఒకటి పెట్టండి. పాత టేప్ మెషిన్ పద్ధతే.

డకింగ్ ఎప్పుడు వాడాలి?

పాట బాగా నిండుగా ఉండి, సెండ్ పెంచక తప్పనప్పుడు. రివర్బ్ ట్రాక్ మీద కంప్రెసర్ పెట్టి, ఎప్పుడు అణచాలో కంప్రెసర్ విని తేల్చుకునే సైడ్‌చెయిన్ ఇన్‌పుట్‌కి పొడి గొంతు ఇవ్వండి. పాడుతున్నంతసేపు రివర్బ్ 3 నుంచి 5 డెసిబెల్స్ అణిగి ఉంటుంది, పాడటం ఆగగానే లేస్తుంది.

ఇందులో తెలుగు పాటకి పనికొచ్చే ముఖ్యమైన సంగతి రిలీజ్ సమయం, అంటే గొంతు ఆగాక కంప్రెసర్ అణచడం వదిలేయడానికి పట్టే సమయం. రిలీజ్ 50 మిల్లీసెకన్లు పెడితే "అట్టు"లో నాలుక ఆగిన ఆ 150 మిల్లీసెకన్లలోనే కంప్రెసర్ వదిలేసి రివర్బ్ పైకి లేస్తుంది, అంటే ఎక్కడ వద్దో సరిగ్గా అక్కడే. రిలీజ్‌ని 300 పైన పెట్టండి, మీ కంప్రెసర్‌లో హోల్డ్ ఉంటే 200 ఇవ్వండి. అప్పుడు ఒత్తుల దగ్గర అణిగే ఉంటుంది, లైను అయిపోయాక మాత్రమే నిదానంగా తెరుచుకుంటుంది. ఇంగ్లిష్ పాటల కోసం ఎవరో దాచిన ప్రీసెట్‌ని అలాగే వాడితే ఈ తేడా దగ్గరే దెబ్బతింటారు.

బెడ్‌రూమ్‌లో రికార్డ్ చేశాను, గొంతులో ముందే గది మోత ఉంది. ప్రీడిలే దాన్ని సరిచేస్తుందా?

చేయదు. టైల్స్ నేల, ఖాళీ గోడల మోత నేరు శబ్దం వెనకే 5, 10 మిల్లీసెకన్లలో వచ్చి గొంతులో కలిసిపోయి ఉంది. మీరు 60 ప్రీడిలే పెడితే ఆ 60 మిల్లీసెకన్ల కిటికీలో శుభ్రమైన గొంతు ఉండాల్సిన చోట చిన్న గది కూర్చుని ఉంటుంది. వీలైతే మళ్ళీ పాడించండి, బట్టల బీరువా తలుపులు తెరిచి దానికి వీపు ఆనించేలా నిలబెట్టి, నోటికీ మైకుకీ మధ్య జానెడు దూరం ఉంచి. వీలుకాకపోతే ప్రీడిలే 20 లోపు ఉంచి, గది మోత ప్లేట్‌లో కలిసిపోయేలా చేయడం మేలు. గొంతు కాస్త వెనక ఉంటుంది, కానీ రెండు వేర్వేరు గదులు ఒకేసారి వినపడవు.

కోరస్‌కి కూడా అదే రివర్బ్ పంపొచ్చా?

అదే ప్లేట్ ఇంకో కాపీ తీసుకుని ప్రీడిలే మాత్రం 0 నుంచి 10 మధ్య పెట్టి పంపండి. ప్రధాన గొంతు 58 దగ్గర, కోరస్ 5 దగ్గర ఉంటే ఒకే గదిలో ఒకరు ముందు, మిగిలినవాళ్ళు వెనక నిలబడినట్టు కుదురుతుంది, కోరస్ లెవెల్ తగ్గించకుండానే.

సరిపోయిందో లేదో చివరికి ఎలా తెలుస్తుంది?

గట్టిగా పెట్టి వినకండి, చాలా చిన్నగా పెట్టండి, పక్క గదిలో ఫ్యాను శబ్దం వినిపించేంత చిన్నగా. మాటలన్నీ తెలియాలి. తర్వాత రివర్బ్ ట్రాక్ మ్యూట్ చేయండి. మ్యూట్ చేసిన క్షణంలో గొంతు పొడిబారి దిగాలుగా అనిపించాలి, మ్యూట్ తీసినప్పుడు మాత్రం రివర్బ్ ఇదీ అని వేలు పెట్టి చూపించలేకపోవాలి. ఒకసారి మోనోలో, అంటే ఎడమ కుడి ఛానెళ్ళు ఒకటిగా కలిపి కూడా వినండి, వెడల్పుగా ఉన్న రివర్బ్ కొంత అక్కడ మాయమవుతుంది, గొంతు లెవెల్ ఎక్కువైనట్టు అనిపిస్తే ప్లేట్ వెడల్పు తగ్గించండి. స్పీకర్ల ముందు కూర్చుంటే మీ గది మోత కూడా కలిసి తడి ఎక్కడుందో సరిగా తెలియదు, కాబట్టి తోక ఎంత పొడుగుందో తేల్చుకోవడానికి ఇయర్‌ఫోన్స్ వాడండి.

అన్నీ అయ్యాక సాహిత్యం తెలియని మనిషిని ఒకరిని కూర్చోబెట్టి, పల్లవి ఒకసారి వినిపించి, విన్నది కాగితం మీద రాయమనండి. ఆ 80 బీపీఎం పాటకి మా పక్కింటి పిన్నిగారు "పిట్ట" అని ఒత్తుతో సహా రాశారు, నేను ఫైలు ఆ రాత్రే పంపించేశాను.